నాలుగో అంగడి

వజ్రమ్మకు అక్షరం ముక్క రాదు గాని, దినాల లెక్కలో ఆమెను మించినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఇది ఆమె అనుకునే మాట కాదు, ఊరంతా అనే మాట. శామీర్‌పేట చెరువుకు ఇవతల, మేడ్చల్ పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో ఎవరింట పిల్ల పుట్టినా, ఎవరింట మనిషి పోయినా, ముందు వజ్రమ్మ చేపల గంప దగ్గరికే వచ్చేవాళ్లు. "వజ్రక్కా, ఇరవై ఒకటి ఏనాడు పడ్తది? తొట్టెల ఎయ్యాలె" అని ఒకరు. "మూడొద్దులు రేపా, ఎల్లుండా?" అని ఇంకొకరు. ఆమె బొచ్చె చేప పొలుసు గీకుతూనే, తల ఎత్తకుండా చెప్పేది. చెప్పినాక ఎవరూ మళ్ళీ క్యాలెండర్ చూసుకునేవాళ్లు కాదు. ముప్పై ఏండ్లు ఇట్లా ఊరంతా తల ఊపితే ఎవరికైనా కొంచెం తలకెక్కుతుంది. వజ్రమ్మకు కొంచెం కాదు, బాగానే ఎక్కింది.

కోడలు అంకిత వేరే రకం. ఇంటర్ చదివింది. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో గోలీలు అట్టల్లో నింపే లైను మీద పని. తలకు టోపీ, మూతికి మాస్కు, తెల్ల కోటు. పెళ్లయిన కొత్తలో ఆ కోటు తీగ మీద ఆరేస్తే వజ్రమ్మ దాన్ని వాకిట్లోకి కనబడేలా జరిపేది. "మా కోడలు కంపెనీల చేస్తది" అని అంగట్లో పదిమందికి వినబడేలా చెప్పుకునేది. అంకితకు ఆ పని అంటే ప్రాణం. అది తన కాళ్ల మీద తాను నిలబడ్డ చోటు. చేపల నీచు వాసన లేని చోటు కూడా, కాని ఆ ముక్క అత్త ముందు ఎప్పుడూ అనలేదు.

పిల్లవాడు పుట్టాడు. సన్నీ అని పేరు పెట్టారు. కంపెనీ ఇచ్చిన సెలవులో కొంత కాన్పుకు ముందే అయిపోయింది. పిల్లవాడికి పద్దెనిమిది వారాలు నిండిన రోజు పనిలో చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది. కంపెనీలోనే పిల్లలను చూసుకునే గది ఉంది, క్రెష్ అంటారు. అందులో పెట్టుకోవాలంటే ఒకటే షరతు: ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే సూదులు మూడు విడతలూ పడి ఉండాలి. కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి, ఇంకా రెండు కలిపి అయిదు రోగాలకు ఒక్కటే సూది అది. పదిమంది పసిపిల్లలు ఒక్క గదిలో ఊపిరి పీల్చే చోట ఆ షరతును తప్పు పట్టలేం.

మామూలుగా అయితే పద్నాలుగు వారాలకే తీరిపోవలసిన పని. అయితే అంకిత కాన్పుకు దుండిగల్ దగ్గర తల్లిగారింటికి పోయింది. అక్కడ తమ్ముడికి అమ్మవారు పోసింది. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్లు పసివాడికి సూది వేయించవద్దని పెద్దవాళ్లు పట్టుబట్టారు. ఒకరి తర్వాత ఒకరికి పోసి, అందరికీ తగ్గేసరికి మూడు వారాలు గడిచాయి. ఆరు వారాలకు పడవలసిన మొదటి విడత, అంకిత అత్తవారింటికి తిరిగొచ్చాక, తొమ్మిది వారాలకు పడింది.

ఆ రోజు బుధవారం. ఊరి అంగడి కూడా బుధవారమే. నర్సు సుచిత్ర చేతి కింద నాలుగు ఊళ్లున్నాయి. బుధవారానికి ఒక ఊరు చొప్పున తిరిగి, నాలుగు వారాలకు మళ్ళీ మొదటి ఊరికి వస్తుంది. అంగన్‌వాడీ గదిలో సన్నీకి సూదులు వేసి, చుక్కలు పోసి, అంకితకు నెమ్మదిగా చెప్పింది.

"కార్డు మీద పది వారాలు, పద్నాలుగు వారాలు అని అచ్చేసి ఉంటది గాని, నీ పిల్లగానికి గా లెక్క ఇగ నడవదమ్మా. మొదటిదే లేటయింది కదా. ఇగ కిందటి సూది నుంచి లెక్క పెట్టాలె. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ నాలుగు వారాలు నిండాలె. లేటయితే ఏం కాదు, మళ్ళ మొదటికెల్లి మొదలుపెట్టే పని లేదు. తొందరపడితేనే తప్పు."

అంకిత వేళ్ల మీద లెక్క వేసుకుంది. రెండోది పదమూడు వారాలకు. మూడోది పదిహేడుకు. పనిలో చేరేది పద్దెనిమిదికి. ఒక్క వారం మిగులుతుంది. "సరిపోయింది మేడం" అని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ మిగులు వారాన్ని చూసుకొని ఆమె ఎంత సంబరపడిందో చెప్పలేను.

వజ్రమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నాలుగు వారాలు అన్న మాట ఆమె చెవిలో నాలుగు అంగళ్లుగా పడింది. ఇందులో వింతేమీ లేదు, ఆమెకు వారం అంటే అంగడే. ఆ రోజు అంగడి ఒకటి. వచ్చేది రెండు. అట్లా లెక్కపెట్టుకుంది. పుట్టిన దినాన్ని కలుపుకొనే ఇరవై ఒకటి. పోయిన దినాన్ని కలుపుకొనే మూడొద్దులు. ఆమె లెక్కలో మొదలైన దినాన్ని వదిలేయడమనేది ఎన్నడూ లేదు.

మూడు వారాలు గడిచి మళ్ళీ బుధవారం వచ్చింది. ఆ పొద్దు అంకిత క్రెష్ కాగితాలు తేవడానికి జీడిమెట్ల పోయింది. తన పాలు పిండి గిన్నెలో పెట్టి, పిల్లవాణ్ని మధ్యాహ్నం దాకా చూడమని అత్తకు అప్పజెప్పింది. వజ్రమ్మ గంప దించి, చీర కుచ్చిళ్లు సర్దుకొని, "ఇయ్యాల నాలుగో అంగడి" అనుకుంది. పిల్లవాణ్ని ఎత్తుకొని అంగన్‌వాడీకి పోయింది. తాళం వేసి ఉంది. ఆశా కార్యకర్త స్రవంతి ఇంటికి పోతే ఆమె లేదు, సుచిత్ర మేడంతో పక్క ఊరికి పోయిందని చెప్పారు.

ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి, నర్సు రాలేదంటే దినం ఇది కాదేమో అనుకునేవాళ్లు. వజ్రమ్మకు అట్లాంటి అనుమానం రావడానికి ఆమె వజ్రమ్మ కాకుండా ఉండాలి. సర్కారు నర్సు మరిచిపోయిందనుకుంది. తన లెక్క తప్పకుండా మనుమడికి సూది వేయించి, కోడలు తిరిగొచ్చేసరికి మాట చెప్పి ఆశ్చర్యపరచాలనుకుంది. కోడలి పని పోకూడదనే ఆమె ఆ రోజు అంత కష్టపడింది. ఆ ఒక్కటి మాత్రం ఆమె పక్షాన చెప్పాలి.

షేర్ ఆటో ఎక్కి మేడ్చల్ పోయింది. బస్ డిపో వెనక సందులో ఒక పిల్లల దవాఖాన ఉంది. డాక్టరు ఇంకా రాలేదు, సూదులు వేసే అమ్మాయి ఉంది. కార్డు అడిగింది. కార్డు అంకిత పెట్టెలో ఉంది, వజ్రమ్మ తేలేదు.

"మొదటిది అయిందా అమ్మా?"

"అయింది బిడ్డా, మా ఊళ్లెనే."

"నాలుగు వారాలు నిండినయా?"

"నిండినయి. ఇయ్యాల నాలుగోది." వజ్రమ్మ గొంతులో తొట్రుపాటు లేదు. అబద్ధం చెప్పేవాళ్లకు కదా తొట్రుపాటు.

"పిల్లగానికి ఎన్ని నెలలు?"

"మూడు దగ్గరికొచ్చింది."

పది వారాలు దాటిందని ఆ అమ్మాయి తల ఊపింది. తొడకు ఒక సూది, నోట్లో రెండు రకాల చుక్కలు. చీటీ మీద తారీఖు వేసి, ముద్ర కొట్టి ఇచ్చింది. సన్నీ దారంతా ఏడ్చి, ఊరు వచ్చేసరికి నిద్రపోయాడు.

అంకితకు మాట చెప్పినప్పుడు ఆమె ముఖం సంతోషంతో వెలగలేదు. "వచ్చే బుధవారం కదా అత్తమ్మా, మేడం చెప్పింది?" అంది.

"గదే చెప్తున్న. మేడం మరిచింది. నాలుగు అంగళ్లయినయి. నేను జూస్కోలేదనుకున్నవా?"

అంకితకు అనుమానం వచ్చింది గాని, అత్త ముఖంలో ఉన్న సంబరాన్ని చూసి మాట మింగేసింది. ఎట్లాగూ వచ్చే బుధవారం మేడం వస్తుంది, అడుగుదాంలే అనుకుంది.

ఆ బుధవారం సుచిత్ర వచ్చింది. అంగన్‌వాడీలో నలుగురైదుగురు తల్లులు పిల్లలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. అంకిత వంతు రాగానే వజ్రమ్మ ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, మడత పెట్టిన చీటీని నర్సు చేతిలో పెట్టింది. "మీరు రాలేదు మేడం. అందుకే నేనే ఏపిచ్చిన" అంది. పది మంది వినాలనే కొంచెం గట్టిగా అంది.

సుచిత్ర చీటీ చూసింది. కార్డు చూసింది. ఫోన్‌లో పిల్లవాడి పేరు తీసి చూసింది. మళ్ళీ చీటీ చూసింది.

"ఎందుకేపిచ్చినవమ్మా?" అంది, తిట్టినట్టు కాదు, అలసిపోయినట్టు.

"నాలుగు వారాలైనయి కదా."

"మూడే అయినయి."

"ఎట్ల మూడు? గా బుధవారం ఒకటి, దాని మీద రెండు, మూడు, నాలుగు." వజ్రమ్మ నాలుగు వేళ్లూ చాచి చూపించింది.

సుచిత్ర గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయి, మొదటి సూది పడ్డ బుధవారం మీద వేలు పెట్టింది. "ఇది సున్నా. ఇక్కడికెల్లి కిందికి దిగాలె. గిది ఒక వారం. గిది రెండు. గిది మూడు. నువ్వు గీనాడు ఏపిచ్చినవు. నాలుగో వారం నిండేది ఇయ్యాల."

"మొదటిదాన్ని సున్నా అంటరా ఎవరన్న? సూది పడ్డది కదా గానాడు. ఇరవై ఒకటికి పుట్టిన దినాన్ని వదిలేసి లెక్కపెడ్తరా?"

"తొట్టెలకు కలుపుతరమ్మా. సూదికి కలపరు. గిది దినాల పేరు కాదు, నడుమ గడవాల్సిన టైము. మొదటి సూది పడ్డంక పిల్లగాని ఒళ్లు దాన్ని నేర్సుకోవాలె. తోడేసిన పాలు తోడుకోకముందే గిన్నె కదిలిస్తే ఏమైతది? ఇది గూడ గంతే. ఇరవై ఎనిమిది రోజులు నిండాలె. మీది ఇరవై ఒక్కటే. వారం తక్కువ. గా సూది లెక్కకు రాదు."

వజ్రమ్మకు అర్థమైంది. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా దీని మీదే ఉంది. క్యాలెండర్ మీద వేలు ఒక్కో గడి దిగుతుంటే ఆమె కళ్లు దానితోపాటే దిగాయి. మూడో గడి దగ్గర వేలు ఆగేసరికి ఆమె చాచిన నాలుగు వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ముప్పై ఏండ్లు దినాలు లెక్కపెట్టిన మనిషికి ఆ మాత్రం తెలియకపోదు. తెలిసింది. చుట్టూ తల్లులు చూస్తున్నారు. అందులో ఇద్దరి పిల్లలకు ఇరవై ఒకటి ఏనాడో చెప్పింది వజ్రమ్మే.

"మీ సర్కారు లెక్కలు మాకు సమజ్ కావు" అని గుమ్మం వైపు తిరిగింది.

అంకిత పిల్లవాణ్ని భుజాన వేసుకొని ముందుకొచ్చింది. "అయితే ఇయ్యాల ఏయుండ్రి మేడం. ఇయ్యాలటికి నాలుగు వారాలు నిండినయి కదా?"

"నిండకముందే ఇంకోటి పడ్డది కదమ్మా. ఇప్పుడు దాని మీదికెల్లి నాలుగు వారాలు ఆగాలె. అంటే ఇయ్యాల్టి నుంచి మూడు వారాలకు రెండోది మళ్ళ ఏస్త. గా బుధవారం నేను పక్క ఊళ్లె ఉంట, ఆడికి తీస్కరా. దాని మీద నాలుగు వారాలకు మూడోది."

మూడు, నాలుగు, ఏడు. ఈ లెక్క వేయడానికి అంకితకు వేళ్లు అక్కర్లేదు. పనిలో చేరే రోజు ఇంకా అయిదు వారాలు. సూది ఏడు వారాలకు. మిగులు వారం పోయి రెండు వారాల తరుగు వచ్చింది. ఒక వారం ముందుకు తోసినందుకు మూడు వారాలు వెనక్కి పోయింది పని.

"మేడం, దాన్ని లెక్కల ఏసుకోరాదుండ్రి. రెండోది అయినట్టే రాయుండ్రి. మీ కాళ్లు మొక్కుత. నా నౌకరి పోతది."

సుచిత్ర కార్డు మూసింది. "పిల్లగానికి నష్టమేం లేదు, ఒకటి ఎక్కువ పడ్డదంతే" అంది. "గాని రాసుడు నాతోని కాదు. రాస్తే కార్డు మీద మూడుంటయి, వాని ఒంట్ల రెండే గట్టివి. దగ్గు పట్టుకున్ననాడు కార్డు అడ్డం రాదు బిడ్డా." అంకిత చేతిని ఒకసారి నొక్కి, తరువాతి పిల్లను పిలిచింది.

అంకిత ఇంటికి నడుస్తూ అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అంటే, వజ్రమ్మ ఎనిమిది మాటలు తిరిగి అనేది, అక్కడికి కోపం కరిగి పని మీదికి మనసు పోయేది. ఆ పిల్ల అనలేదు. ఆ మౌనం వజ్రమ్మకు నింద కంటే ఎక్కువ మండింది.

సాయంత్రం కొడుకు అరుణ్ వచ్చాడు. ట్రాలీ ఆటో నడుపుతాడు, మేడ్చల్ నుంచి కూరగాయలు వేస్తాడు. సంగతి విని తేలిగ్గా తీసిపారేశాడు. "గదేముందే? గా మేడ్చల్ దవాఖానకే పోదాం. మళ్ళ నాలుగు వారాలైనంక మూడోది ఏస్తరు, ముద్ర కొడ్తరు. కంపెనీకి ముద్రనే కదా కావాలె."

"నేనూ గదే అంటున్న" అంది వజ్రమ్మ.

"వద్దు" అంది అంకిత. "మందుల కంపెనీల చేస్త నేను. అట్టల ఒక్క గోలీ తక్కువుంటే పక్కకు తీసి పడేస్తం. నా పిల్లగానికి ఒకటి తక్కువ పెట్టి, గా పిల్లల నడుమ పండుకోబెట్టాల్నా?" ఆగి, అత్త వైపు తిరిగింది. మొదటిసారి నేరుగా అడిగింది. "అత్తమ్మా, పదిహేను దినాలు. నేను చేరిననాటి నుంచి వాని మూడో సూది పడేదాక. పదిహేను దినాలు వాణ్ని ఇంట్ల సూడు. పాలు పిండి పెట్టిపోత. తర్వాత క్రెష్‌ల ఏస్త. ఇంకేం అడగ."

న్యాయమైన మాట. అంతకంటే తేలికైన పరిష్కారం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, తోచనవసరం కూడా లేదు. వజ్రమ్మ మామూలుగా అయితే ఊ అనేదే. మనుమణ్ని చూడడం ఆమెకు బరువు కాదు. అయినా ఆ పదిహేను దినాలు ఇంట్లో కూర్చోవడమంటే, తప్పు తనదని ఊరికంతా చాటింపు వేసినట్టు కనబడింది. అంగట్లో అడుగుతారు. గంప ఏదీ, ఎందుకు రాలేదు అంటారు. లెక్క తప్పి కోడలికి జుర్మానా కడుతున్నదని నవ్వుతారు.

"చెరువుల వల గుంజే రోజులు" అంది. "చేపల సంఘపోళ్లు పంచుతుంటే నేను లేకుంటే నా వంతు ఎవడిస్తడు? ఏడాదికొక్కసారి వచ్చే పంట."

"నీ వంతు నేను తెస్త, నేనే అమ్ముత" అన్నాడు మూల నుంచి మొగుడు సిద్దిరాములు. అతను ఇంట్లో మాట్లాడడమే తక్కువ. వలలు అల్లుకుంటూ కూర్చుంటాడు. "పదిహేను దినాలకు ఏమైతది? కూసో."

"నువ్వమ్ముతవా? నీకు తూకమొస్తదా, బేరమొస్తదా? తప్పు జేసింది నర్సు. వచ్చే దినం రాకుండ పక్కూరికి పోయింది. కూసునేదుంటే ఆమెను కూసోమను. నేనెందుకు కూసుంట?"

సిద్దిరాములు ఆమె వైపు చూసి, తల దించుకొని వల అల్లుకున్నాడు. అతనికి తెలిసిపోయిందని వజ్రమ్మకు తెలిసింది.

ఆ తరువాత అయిదు వారాలు. మొండితనానికి రోజూ మేత కావాలి. వజ్రమ్మ అంగట్లో కూర్చొని ఆ నర్సుకు వారం అంటే ఏందో తెల్వదని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కొందరు నమ్మారు. ఆమె మాట మీద ఉన్న నమ్మకం అట్లాంటిది మరి. పొలం పక్క ఇళ్లలో ఒక తల్లి తన పిల్లను వారం ముందే పక్క ఊరికి తీసుకుపోతే సుచిత్ర వెనక్కి పంపించవలసి వచ్చింది. ఆ తల్లి సుచిత్రను నోటికొచ్చినట్టు తిట్టి పోయింది. ఈ సంగతి విన్నప్పుడు వజ్రమ్మ నవ్వలేదు. నోరు మూసుకోనూ లేదు.

మూడు వారాలకు అంకిత పిల్లవాణ్ని ఎత్తుకొని పక్క ఊరికి నడిచిపోయి రెండో విడత మళ్ళీ వేయించుకొచ్చింది. ఒక్కతే పోయింది. కంపెనీలో లైను చూసే వీరేందర్‌కు ఫోన్ చేసి రెండు వారాలు గడువు అడిగింది. వాకిట్లో నిలబడి మాట్లాడుతుంటే వజ్రమ్మకు లోపలికి వినబడింది. అతను చెడ్డవాడు కాదు, అట్లా అని చేయగలిగిందీ లేదు. పైవాళ్లు ఒప్పుకోరనీ, ఆ రోజు రాకపోతే వేరే అమ్మాయిని ఎక్కించుకుంటారనీ, నువ్వు మాత్రం ఎట్లనన్న రమ్మనీ చెప్పాడు. "వస్త సార్" అంది అంకిత. ఏ ధైర్యంతో అందో ఆమెకే తెలియాలి.

వజ్రమ్మ లోలోపల ఒక ఏర్పాటు చేసుకుంది. పనిలో చేరే పొద్దున కోడలు ఇంకొక్కసారి అడుగుతుంది. అడిగితే, సణుగుతూ సణుగుతూ ఒప్పుకోవాలి. అట్లా అయితే తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, పని చెడినట్టూ కాదు. కోడలు బతిమిలాడితే కరిగిన అత్తనవుతానని అనుకుంది. ఆ ఊహతోనే అయిదు వారాలు కడుపులో చల్లగా ఉండగలిగింది.

ఆ రోజు వచ్చింది. అంకిత తెల్లవారకముందే లేచి స్నానం చేసింది. ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుంది, తెల్ల కోటు మడిచి సంచిలో పెట్టింది. పాలు పిండి, గిన్నెకు మూత పెట్టి, నీళ్ల పళ్లెంలో ఉంచింది. పిల్లవాణ్ని నిద్రలోనే తెచ్చి వజ్రమ్మ పక్కలో చాప మీద పడుకోబెట్టింది. తరువాత గుమ్మంలో నిలబడింది. అడగలేదు. ఏం అడగలేదు. అడగవలసింది ఒకసారి అడిగింది, దానికి జవాబు వచ్చింది, ఇక ఇప్పుడు నిలబడడమే మిగిలింది.

వజ్రమ్మ చూసింది. మనుమడు చాప మీద పిడికిళ్లు బిగించి నిద్రపోతున్నాడు. వాకిట్లో సిద్దిరాములు పళ్లు తోముకోవడం ఆపి చూస్తున్నాడు. ఒక్క మాట, పో బిడ్డా అన్న మాట, నాలుక చివరి దాకా వచ్చింది. అడగనిదే ఎట్లా ఇస్తాననుకుంది. అడుగు, ఒక్కసారి అడుగు అని మనసులో ఆమే కోడలిని బతిమిలాడింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి పెదవి విప్పలేదు.

వజ్రమ్మ లేచింది. గంప ఎత్తుకుంది. కోడలి పక్కనుంచే దాటుకొని చెరువు దారి పట్టింది. అరుణ్ చీకటితోనే ఆటో తీసుకుపోయాడు, వల గుంజే రోజు కాబట్టి సిద్దిరాములూ చెరువుకు పోక తప్పదు.

ఆ పొద్దు వల నిండా రవ్వ చేపలు పడ్డాయి. సంఘపువాళ్లు ఆమె వంతు కంటే రెండు ఎక్కువే వేశారు. కత్తిపీట ముందు కూర్చుంది గాని చెయ్యి ఆడలేదు. చేప కోసిన మనిషికే మళ్ళీ కోసి ఇచ్చింది, ఒకరికి ఇవ్వవలసింది ఇంకొకరి సంచిలో వేసింది. ఇంకా పొద్దుంది, పొయ్యి మీద ఎసరు పెట్టేంత సేపట్లో ఇంటికి పోవచ్చు, కోడలిని బస్సు ఎక్కించవచ్చు అనుకుంది. కాసేపటికి కొంచెం ఆలస్యమైనా రానిస్తారులే అనుకుంది. ఎండ నెత్తి మీదికి వచ్చాక ఇక అనుకోవడానికి ఏమీ లేక లేచింది.

ఇంటికి వచ్చేసరికి అంకిత పాత నైటీ వేసుకొని వాకిట్లో పిల్లవాడి గుడ్డలు పిండుతోంది. పొద్దున వేసుకున్న చుడీదార్ మడతలు పెట్టి మంచం మీద ఉంది.

"అన్నం తిన్నవా?" అని అడిగింది వజ్రమ్మ.

"తిన్న అత్తమ్మా" అంది అంకిత, ఎప్పటిలాగే.

రెండు వారాల తరువాత మూడో విడత పడింది. సుచిత్ర కార్డు మీద తారీఖు వేసి, "ఇగ తొమ్మిది నెలలకే" అంది. కార్డు నిండింది. దాన్ని చూపించవలసిన చోటు మాత్రం లేదు, ఆ చోటులో అప్పటికే రెండు వారాలుగా గండిమైసమ్మ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి గోలీలు నింపుతోంది. వీరేందరే ఫోన్ చేసి చెప్పాడు. మళ్ళీ ఎప్పుడైనా ఖాళీ అయితే చెప్తానన్నాడు, అందరూ అనేదే అది.

ఆ మరుసటి అంగడినాడు అంకిత తనంతట తానే రెండో గంప ఎత్తుకొని బయల్దేరింది. ఇంట్లో కూర్చోలేనంది. పిల్లవాణ్ని గుడ్డతో ఒంటికి కట్టుకొని, అత్త పక్కన గోనె పరిచి కూర్చుంది. ఎన్నడూ అలవాటు లేని పని. కొర్రమట్ట చేతిలోంచి జారి మట్టిలో పడింది. పొలుసులు ముంజేతులకు అంటుకున్నాయి. తెచ్చిపెట్టుకున్న గొంతుతో ఒకసారి కేక వేయబోయి, రాక, ఊరుకుంది. కొనేవాళ్లు వజ్రమ్మ దగ్గరే గుమిగూడారు.

వజ్రమ్మ పక్కకు చూడలేక చూసింది. గోళ్ల సందుల్లో గోలీల తెల్ల పొడి తప్ప మరేమీ ఎరుగని చేతులవి. ఆ చేతుల మీద నెత్తురు, బురద. వజ్రమ్మ జనం పలచబడేదాకా ఆగింది. నాలుక తడుపుకుంది. బతుకులో ఎన్నడూ అనని మాట అది, ఎట్లా అనాలో తెలియలేదు.

"అంకితా" అంది. "లెక్క నాదే తప్పింది బిడ్డా."

అంకిత తల ఎత్తలేదు. చేప పొట్ట చీల్చి, లోపలిది తీసి పక్కన పడేసింది.

"నాకెరుకనే అత్తమ్మా" అంది నెమ్మదిగా. "నీకెరుకైంది గూడ ఎరుకనే. గానాడు క్యాలెండర్ కాడ నీ మొకం జూసిన. నువ్వు తప్పు లెక్క పెట్టినందుకు నాకు కోపం లేదు. గా తప్పును సరిజేసెతందుకు నీకు ఇంకా అయిదు వారాల టైముండె."

ఎవరో వచ్చి కిలో రవ్వ ఎంత అని అడిగారు. అంకితే ధర చెప్పి, తక్కెడ ఎత్తింది.